తొలి వారం ఫొటో: పసిబిడ్డ చర్మాన్ని సరిదిద్దడం ఎంతవరకు?

బారసాల కార్డు మీద వేయడానికో, అమెరికాలో ఉన్న బాబాయికి పంపడానికో, గోడకు ఫ్రేము కట్టించడానికో ఇంట్లోవాళ్లు ఎంచుకునే ఫొటో చాలాసార్లు బిడ్డ పుట్టిన మొదటి వారంలో తీసిందే. ఆ వారంలో బిడ్డ చర్మం మాత్రం ఫొటోకు ఏమాత్రం అనుకూలంగా ఉండదు. ముఖం మీద ఎర్రటి మచ్చలు, చేతుల మీద, పాదాల మీద ఊడుతున్న పొర, నుదురు నుంచి ఛాతీ దాకా పసుపు ఛాయ. ఎత్తుకుని చూస్తున్నప్పుడు ఇవేవీ అంతగా పట్టవు. అదే ఫొటోలో చూస్తే ముందు అవే కనిపిస్తాయి. దాంతో స్టూడియోలో అడిగే మాట ఒకటే: ‘కాస్త స్మూత్‌గా చేసి, తెల్లగా చేయండి.’

ఆ రెండు పనులూ చేయకుండానే ఫొటో బాగుపడుతుంది. స్మూత్ చేస్తే బిడ్డ ముఖం ప్లాస్టిక్ బొమ్మ ముఖంలా మారుతుంది. తెల్లగా చేస్తే అది ఇక ఆ బిడ్డ ముఖం కాదు. నిజంగా చేయాల్సింది మూడు రకాల తేడాలను విడదీసి, దేనికి తగిన చికిత్స దానికి చేయడం. వాటిలో పసుపు ఛాయను ముట్టుకునే ముందు ఫొటోను కాదు, బిడ్డను చూడాలి. ఎందుకో కాస్త వివరంగా చూద్దాం.

ఆ వారంలో చర్మం మీద జరిగేది

తొమ్మిది నెలలు నీటిలో ఉన్న చర్మం ఒక్కసారిగా గాలిలోకి వస్తుంది. గర్భంలో దాన్ని కాపాడిన తెల్లటి జిడ్డు పూత పోతుంది, పైపొర ఎండుతుంది, రెండు మూడు రోజులకు ఊడడం మొదలవుతుంది. మణికట్టు, చీలమండ, అరికాళ్ల దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది. నెలలు నిండి, ఇంకా కొన్ని రోజులు ఆలస్యంగా పుట్టిన పిల్లల్లో మరీ ఎక్కువ. ఇది జబ్బు కాదు, ఆ పొరను లాగకూడదు. దాని కింద కొత్త చర్మం అప్పటికే సిద్ధంగా ఉంటుంది.

ఎర్రటి మచ్చల్లో చాలా రకాలున్నాయి. మధ్యలో చిన్న తెల్లటి లేదా పసుపు పొక్కు, చుట్టూ ఎర్రటి మరక ఉండేవి సాధారణంగా పుట్టిన ఒకటి రెండు రోజులకు వచ్చి, ఓ వారం పది రోజుల్లో వాటంతటవే పోతాయి. ఉదయం బుగ్గ మీదున్న మచ్చ సాయంత్రానికి పొట్ట మీదికి మారినట్టు కనిపించడం కూడా మామూలే. చలి తగిలితే కాళ్ల మీద, పొట్ట మీద వల లాంటి ఊదారంగు గీతలు తేలతాయి, బిడ్డ వెచ్చబడగానే పోతాయి. తొలి ఒకటి రెండు రోజులు అరచేతులు, పాదాలు నీలంగా ఉండొచ్చు. ముక్కు మీద ఆవగింజంత తెల్లటి గింజలు, భుజాల మీద, వీపు మీద మెత్తటి నూగు ఉంటాయి. కనురెప్పల మీద, మెడ వెనక లేత ఎరుపు మరకలు, నడుము కింద నీలిమచ్చలు మాత్రం వారాల్లో పోయేవి కావు, నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడతాయి. మన పిల్లల్లో నీలిమచ్చలు బాగా ఎక్కువ.

ఫొటో సరిదిద్దేవారికి ఈ తేడా తెలియాలి. వారంలో పోయేదాన్ని తగ్గించవచ్చు. బిడ్డతోనే ఉండేదాన్ని, అంటే పుట్టుమచ్చను, కనురెప్ప మీది మరకను, నీలిమచ్చను చెరిపేయకూడదు. అవి ఆ బిడ్డ గుర్తులు. రేపు అదే బిడ్డ ఆర్నెల్ల ఫొటోలో ఆ మరక కనిపిస్తే, తొలి ఫొటోలో ఎందుకు లేదని అమ్మే అడుగుతుంది.

పసుపు: ముందు బిడ్డ, తర్వాత ఫొటో

నెలలు నిండి పుట్టిన పిల్లల్లో కూడా సగం మందికి పైగా తొలి వారంలో కామెర్ల ఛాయ కనిపిస్తుంది. పాత ఎర్ర రక్తకణాలు విడిపోయినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం తయారవుతుంది. పసిబిడ్డ కాలేయం దాన్ని అంత వేగంగా బయటకు పంపలేదు, అందువల్ల అది చర్మంలో నిలుస్తుంది. సాధారణంగా రెండో రోజో మూడో రోజో మొదలై, మూడు నుంచి ఐదో రోజుల మధ్య ఎక్కువై, రెండు వారాల్లోపు తగ్గిపోతుంది. మొదట ముఖం మీద కనిపించి, పెరిగేకొద్దీ ఛాతీకి, పొట్టకు, కాళ్లకు దిగుతుంది.

చాలామందికి ఇది దానంతటదే తగ్గుతుంది. కొందరిలో మాత్రం బిలిరుబిన్ బాగా పెరిగి మెదడుకు హాని చేస్తుంది, ఆ హాని తిరిగి సరికాదు. కాబట్టి కొన్ని గుర్తులు ఇంట్లో అందరికీ తెలియాలి. పుట్టిన 24 గంటల్లోపే పసుపు కనిపించడం, అరచేతులు, అరికాళ్లు పచ్చబడటం, పాలు తాగకుండా మత్తుగా పడుకోవడం, ఒళ్లు వదిలేసినట్టు ఉండటం, కీచుమని ఏడవడం, రెండు వారాలు దాటినా పసుపు తగ్గకపోవడం, విరేచనం సున్నంలా తెల్లగా రావడం. వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఏ గుర్తూ లేకపోయినా పసుపు పెరుగుతోందన్న అనుమానం వస్తే పరీక్ష చేయించాలి. చర్మాన్ని చూసి బిలిరుబిన్ ఎంత ఉందో చెప్పడం అనుభవమున్న వైద్యులకే కష్టం. చామనఛాయ, నల్లని చర్మంలో మరీ కష్టం. అంకె చెప్పేది రక్తపరీక్ష, లేదా చర్మం మీద ఆనించి చూసే మీటర్.

ఫొటో ఆ మాత్రం కూడా చెప్పలేదు. ఫోన్ కెమెరా తన ముందున్న దృశ్యాన్ని చూసి రంగుల తూకం తానే సరిచేసుకుంటుంది. బిడ్డను నీలం దుప్పటిలో చుట్టి, ఫ్రేము నిండా ఆ నీలమే ఉండేలా ఫొటో తీస్తే కెమెరా నీలాన్ని తగ్గించాలని చూసి, పసుపు కలుపుతుంది. మామూలుగా ఉన్న బిడ్డ పచ్చగా కనిపిస్తాడు. పసుపు తువ్వాలులో తీస్తే దీనికి పూర్తిగా వ్యతిరేకం, నిజంగా ఉన్న పసుపు కూడా తగ్గి కనిపిస్తుంది. ఊళ్లో ఉన్న డాక్టరుకు వాట్సాప్‌లో ఫొటో పంపి ‘కామెర్లు తగ్గాయా?’ అని అడగడం అందుకే నమ్మదగ్గ పద్ధతి కాదు. సరిదిద్దిన ఫొటో పంపితే అది ప్రమాదమే.

చర్మం రంగు ఎంత తప్పుదోవ పట్టించగలదో కామెర్ల చికిత్స చరిత్రే చెబుతుంది. 1956లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ జిల్లా రోచ్‌ఫర్డ్ జనరల్ ఆస్పత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను కాసేపు ఆరుబయట ఎండపొడలో ఉంచేది. ఓ రోజు ఆమె ఒక బిడ్డను వైద్యులకు చూపించింది. ఒళ్లంతా పసుపు తగ్గి ఉంది, దుప్పటి అంచు కప్పిన చోట మాత్రం త్రిభుజాకారంలో పసుపు అలాగే ఉంది. ఆ గమనింపు నుంచి పరిశోధన మొదలై, 1958లో వెలుగుతో చికిత్స గురించిన వ్యాసం ‘ద లాన్సెట్’లో వచ్చింది. నేడు ఆస్పత్రుల్లో వాడే నీలి దీపాల చికిత్సకు మూలం అదే. మన పని వరకు ఇందులో తెలుసుకోవాల్సింది ఒకటుంది. వెలుగు పడిన చోట చర్మం ముందే తేటపడుతుంది, ఆ వేగంతో రక్తంలోని బిలిరుబిన్ తగ్గకపోవచ్చు. చర్మం తేటపడింది కదా అని ఆగిపోకూడదు. అలాగని కామెర్లున్న బిడ్డను ఇంట్లో ఎండలో పెట్టడం చికిత్స కాదు. లేత చర్మం కాలుతుంది, ఒళ్లు వేడెక్కుతుంది, వైద్యం ఆలస్యమవుతుంది.

నీలి దీపాల కింద తీసిన ఫొటోలు కూడా మా దగ్గరకు వస్తుంటాయి. వాటిలో చర్మం అసలు రంగు తెప్పించమని అడుగుతారు. అది కుదరదు. ఆ వెలుగులో ఎరుపు, ఆకుపచ్చ దాదాపు లేవు, కెమెరాలోకి రానిదాన్ని తర్వాత రాబట్టలేం. అలాంటి ఫొటోను నలుపు తెలుపులోకి మార్చుకోవడమే మర్యాద.

తీసేటప్పుడే తగ్గే పని

పట్టపగలు, నేరుగా ఎండ పడని కిటికీ పక్కన బిడ్డను పడుకోబెట్టండి. కిటికీకి పలచటి తెల్ల పరదా ఉంటే మరీ మంచిది. గదిలో లైట్లన్నీ ఆర్పేయండి. కిటికీ వెలుగు ఒక రంగు, ఎల్‌ఈడీ బల్బు వెలుగు మరో రంగు. రెండూ కలిస్తే ఒక బుగ్గ పసుపు, ఇంకో బుగ్గ నీలం అవుతాయి. ఒక బుగ్గను సరిచేస్తే రెండోది చెడుతుంది. ఫొటో ఎడిటింగ్‌లో అన్నింటికన్నా ఎక్కువ సమయం తినేది ఈ రెండు రంగుల వెలుగే.

వెలుగు పక్క నుంచి మరీ ఏటవాలుగా పడితే ఊడుతున్న ప్రతి పొర అంచుకూ ఒక నీడ పడుతుంది. ముఖానికి కాస్త ఎదురుగా, తల వైపు నుంచి మెత్తగా పడితే ఆ నీడలు సగానికి సగం తగ్గుతాయి. ఫొటోకు ముందు నూనె రాయకండి, పొర కనపడకుండా పోవడానికి బదులు దాని మీద మెరుపు చుక్కలు పడతాయి. ఏడుపు ఆగి ముఖంలో ఎరుపు దిగేదాకా, స్నానం తర్వాత ఒళ్లు వెచ్చబడేదాకా ఆగండి. పాలు తాగి నిద్రపోయిన సమయం అన్నిటికన్నా మంచిది.

బిడ్డ కింద గాఢమైన ఎరుపు, ఆకుపచ్చ, పసుపు గుడ్డలు వద్దు. వాటి రంగు గడ్డం కిందకు, బుగ్గలకు ఎగబాకుతుంది. తెలుపు లేదా బూడిద రంగు మెత్తటి నూలు గుడ్డ చాలు. ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఉంటే ఆపేయండి, మీరు అడగకుండానే అది చర్మాన్ని నునుపు చేసి తెల్లబరుస్తుంది. చివరగా, ఫొటో సామగ్రి అమ్మే షాపులో దొరికే బూడిద రంగు కార్డును బిడ్డ పక్కన పెట్టి మొదట ఒక ఫొటో తీసుకోండి. తర్వాత పనంతా దాని మీద ఆధారపడుతుంది.

కార్డు లేనప్పుడు తెల్ల గుడ్డనే ఆధారం చేసుకుంటారు. ఇక్కడ మన ఇళ్లలో ఒక చిక్కుంది. తాతగారి పంచె నీలిమందు పెట్టి ఉతికింది అయితే అది కంటికి తెల్లగా కనిపిస్తుంది గానీ నిజానికి కాస్త నీలం. దాన్ని తెలుపుగా చూపించి రంగు సరిచేయమంటే ప్రోగ్రాము ఆ నీలాన్ని రద్దు చేయడానికి ఫొటో అంతటికీ పసుపు కలుపుతుంది. పసుపు తగ్గించబోయి పెంచినట్టవుతుంది. నీలిమందు పెట్టని పాత నూలు గుడ్డను వాడాలి.

ఒక ఫొటోను పట్టుకుని చూద్దాం

నాలుగో రోజున, ఇంట్లో కిటికీ దగ్గర ఫోన్‌తో తీసిన ఫొటో అనుకోండి. బిడ్డది చామనఛాయ. తెల్ల గుడ్డ మీద నిద్రపోతోంది, కాళ్లు మోకాలి కింద దాకా కనిపిస్తున్నాయి. గదిలో ఒక బల్బు వెలిగి ఉంది. నుదురు, ముక్కు పసుపు, ఎడమ బుగ్గ మీద రెండు ఎర్రటి మరకలు, మణికట్టు దగ్గర, వేళ్ల మీద పొర ఊడుతోంది. డాక్టరు అప్పటికే చూసి, పరీక్ష చేసి, పర్వాలేదన్నారు. ఇక ఫొటో పని మొదలుపెట్టవచ్చు. పని ఫొటోషాప్‌లో, అసలు ఫైలును ముట్టకుండా దాని కాపీ మీద.

మొదటి పని వెలుగు వల్ల వచ్చిన పసుపును తీసేయడం. `Camera Raw Filter` తెరిచి, అందులోని `White Balance` డ్రాపర్‌తో తెల్ల గుడ్డ మీద కాస్త నీడగా ఉన్న చోట క్లిక్ చేస్తాం. మరీ మెరిసే చోట క్లిక్ చేస్తే రంగు సమాచారం అప్పటికే పోయి ఉంటుంది. ఎట్టి పరిస్థితుల్లోనూ చర్మం మీద క్లిక్ చేయకూడదు. ముందు ఆ గుడ్డ ఎరుపు 236, ఆకుపచ్చ 226, నీలం 204గా ఉండేది, అంటే గుడ్డే పసుపు. క్లిక్ తర్వాత మూడూ 230 దగ్గరకు వచ్చాయి. నుదుటి మీద ఆకుపచ్చకూ నీలానికీ మధ్య తేడా ముందు 54 ఉండేది, ఇప్పుడు 46. ఈ తేడా ఎంత ఎక్కువ ఉంటే పసుపు అంత ఎక్కువ. బల్బు కలిపిన పసుపు పోయింది, మిగిలింది చర్మానిది. ఈ రెంటినీ విడదీయకుండా ముందే చర్మం మీద పడితే గుడ్డ పసుపుగా, ముఖం బూడిదగా మిగులుతాయి.

రెండోది పొర. కొత్త ఖాళీ లేయరు తీసుకుని, `Healing Brush` ఎంచుకుని, పైన `Sample` దగ్గర `Current & Below` పెట్టాలి. బ్రష్ సైజు ఊడిన ముక్క కంటే కొంచెం పెద్దదిగా ఉండాలి, అంతే. ఊడిన పొరలో కంటికి తగిలేది దాని మధ్యభాగం కాదు, తెల్లగా లేచిన అంచూ, దాని కింది సన్నటి నీడా. ఆ అంచుల మీద మాత్రమే, పక్కనున్న మంచి చర్మాన్ని నమూనాగా తీసుకుని ఒక్కో క్లిక్ చేస్తూ పోవాలి. వేళ్ల కణుపుల మడతలు, మణికట్టు గీత, అరికాలి ముడతలు అలాగే ఉండాలి. అవి పొర కాదు, పసిపాప చేయి అంటేనే అవి. పని అయ్యాక లేయరు `Opacity` 70 దగ్గరకు తగ్గిస్తే, అక్కడ ఊడిన జాడ కాస్త మిగిలి, చర్మం చర్మంలా ఉంటుంది. ఈ పనికి బ్లర్ వాడకూడదు. బ్లర్ పొర అంచుతో పాటు రంధ్రాలనూ, నూగునూ కూడా మింగేస్తుంది.

మూడోది చర్మంలో మిగిలిన పసుపు. దాన్ని ఎంతవరకు తగ్గించాలో చెప్పే కొలత అదే ఫొటోలో ఉంది. కామెర్లు పైనుంచి కిందకు దిగుతాయి కాబట్టి, తక్కువగా ఉన్న బిడ్డలో మోకాలి కింద చర్మం ఇంకా తన సొంత రంగులోనే ఉంటుంది. అక్కడ ఆకుపచ్చ, నీలం మధ్య తేడా 30 ఉంది. అంటే నుదుటి మీది 46ను 30 దగ్గరకు తేవాలి. ఏదో వేరే బిడ్డ ఫొటో చూసి రంగు తెచ్చుకోనక్కర్లేదు.

అందుకు `Hue/Saturation` అడ్జస్ట్‌మెంట్ లేయరు పెట్టి, జాబితాలో `Yellows` ఎంచుకుని, డ్రాపర్‌తో నుదుటి మీద క్లిక్ చేయాలి. అప్పుడు ప్రోగ్రాము సరిగ్గా ఆ రంగునే పట్టుకుంటుంది. `Hue` మైనస్ 8, `Saturation` మైనస్ 8. `Lightness` సున్నా, దాన్ని కదపకూడదు. ఇప్పుడు నుదుటి మీద ఎరుపు 181, ఆకుపచ్చ 133, నీలం 102 చూపిస్తున్నాయి. తేడా 31. తర్వాత లేయరు మాస్కును `Ctrl+I`తో నల్లగా చేసి, మెత్తటి తెల్ల బ్రష్‌తో, `Flow` 10 పెట్టుకుని, నుదురు, ముక్కు, గడ్డం, ఛాతీ మీద నెమ్మదిగా పూయాలి. కాళ్లకు అవసరం లేదు.

`Lightness` ఎందుకు కదపకూడదన్నది ఈ పనంతటికీ కేంద్రం. తెల్లనివారైనా నల్లనివారైనా మనుషుల చర్మం రంగు దాదాపు ఒకే దిశలో, ఎరుపుకూ పసుపుకూ మధ్యనున్న నారింజ వైపే ఉంటుంది. సినిమాలకు రంగులు దిద్దేవారు తెర మీద చర్మానికి ఒకే గీతను ఆధారంగా పెట్టుకోవడం అందుకే. మనిషికీ మనిషికీ ప్రధానంగా మారేది ఆ రంగు ఎంత వెలుగుగా, ఎంత గాఢంగా ఉందన్నది. కామెర్లు మార్చేది దిశను, పసుపు వైపుకు. కాబట్టి దిశను సరిచేస్తే కామెర్ల ఛాయ పోతుంది. వెలుగు పెంచితే మార్చేది కామెర్లను కాదు, బిడ్డ మేనిఛాయను. చామనఛాయ బిడ్డ చామనఛాయగానే ఉండి పసుపు పోవాలి. ‘కొంచెం తెల్లగా చేయండి’ అని నానమ్మ అడిగినా ఇక్కడ కుదరదనే చెప్పాలి. ఆ ఫొటో రేపు ఆ బిడ్డే చూసుకుంటుంది.

నాలుగోది ఎర్ర మరకలు. వీటికి అందరూ చేసే పని ఎరుపు `Saturation` మొత్తం తగ్గించడం. అలా చేస్తే పెదాలు పాలిపోతాయి, చెవులు, గోళ్లు బూడిదబారతాయి. పాలిపోయిన పెదాలతో ఉన్న బిడ్డ ఫొటో చూస్తే జబ్బు బిడ్డలా ఉంటుంది. మరక ఉన్న చోటే పని చేయాలి. కొత్త ఖాళీ లేయరు తీసుకుని దాని మోడ్ `Color`కు మార్చాలి. ఈ మోడ్‌లో వేసిన రంగు కింద ఉన్న వెలుగునీడలను తాకదు, రంగును మాత్రమే మారుస్తుంది. `Alt` నొక్కి పక్కనున్న మంచి చర్మం మీద క్లిక్ చేసి రంగు తీసుకుని, బ్రష్ `Opacity` 10లో పెట్టి మరక మీద రెండు మూడుసార్లు పూస్తే ఎరుపు దిగుతుంది. అయినా అక్కడ ఒక మసక మిగులుతుంది, ఎందుకంటే ఎర్ర మరక పక్క చర్మం కంటే కాస్త నల్లగా కూడా ఉంటుంది. దానికి ఒక `Curves` లేయరులో గీతను మధ్యలో రవ్వంత పైకెత్తి, మాస్కు వేసి, మరక మీద మాత్రమే పూయాలి. బుగ్గకు సహజంగా ఉండే ఎరుపును మరకతో పాటు తీసేయకూడదు. నీలంగా ఉన్న పాదాలకూ ఇదే `Color` లేయరు పద్ధతి పనిచేస్తుంది, రంగు నమూనా మాత్రం మోకాలి కింద నుంచి తీసుకోవాలి.

చెడిందని ఎలా తెలుస్తుంది

ఎడిటింగ్ చేసే కన్ను అయిదు నిమిషాల్లో అలవాటు పడిపోతుంది, తర్వాత ఎంత ఎక్కువ చేసినా తక్కువే అనిపిస్తుంది. అందుకే రెండు మూడు పరీక్షలు తప్పనిసరి. ఫొటోను బొటనవేలంత చిన్నదిగా చేసి చూడండి. ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు కనిపిస్తే మాస్కు అంచు సరిగ్గా కలవలేదన్నమాట. మెడ ముడతలో పసుపు, చెవి వెనక పసుపు మిగిలిపోవడం అందరూ చేసే పొరపాటు.

తర్వాత అన్ని లేయర్ల మీదా ఒక `Black & White` లేయరు తాత్కాలికంగా పెట్టి, మిగతావాటిని ఆపుతూ, తెరుస్తూ చూడండి. నలుపు తెలుపులో ముందూ వెనకా చర్మం వెలుగు దాదాపు ఒకేలా ఉండాలి. తర్వాతది స్పష్టంగా తెల్లబడి ఉంటే, తెలియకుండానే మేనిఛాయను మార్చేశారు. చివరగా 100 శాతానికి పెద్దది చేసి బుగ్గను చూడండి. నూగు, ముక్కు మీది తెల్ల గింజలు కనిపించాలి. 400 శాతంలో పనిచేస్తే కంటికి ఎప్పటికీ కనిపించని వాటిని గంటలకొద్దీ చెరుపుతూ కూర్చుంటాం.

ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో రాత్రిపూట పనిచేసేవారికి ఒక మాట. చాలా తెరలు రాత్రి కాగానే కళ్ల సుఖం కోసం తామే పసుపుబారతాయి. ఆ తెర మీద సరిగ్గా ఉందనుకున్న బిడ్డ, ప్రింటులో నీలంగా, బూడిదగా వస్తుంది. రంగు పని మొదలుపెట్టే ముందు ఆ సెట్టింగు ఆపాలి. కార్డులు, ఫ్రేములు ఎక్కువ సంఖ్యలో వేయించేముందు ఒక చిన్న ప్రింటు తీయించుకుని పగటి వెలుగులో చూడాలి.

ఫోన్ మాత్రమే ఉన్నవారికి

ఫొటోషాప్ లేకపోయినా ఇదే క్రమం పాటించవచ్చు. స్నాప్‌సీడ్‌లో మొదట `White Balance` తెరిచి, డ్రాపర్‌ను తెల్ల గుడ్డ మీదకు తెచ్చి రంగు సరిచేయండి. తర్వాత `Healing` తెరిచి, బాగా పెద్దది చేసుకుని, పొర అంచుల మీద ఒక్కొక్కటిగా తాకండి. ఒకేసారి పెద్ద చోటును రుద్దకండి, పక్కనున్న గుడ్డ ముక్క చర్మం మీదకు వచ్చి పడుతుంది. ఎర్ర మరకకు `Selective` ఎంచుకుని, మరక మీద చుక్క పెట్టి, రెండు వేళ్లతో దాని పరిధిని తగ్గించి, `Saturation` కొద్దిగా దించండి.

పసుపుకు లైట్‌రూమ్ మొబైల్‌లోని రంగుల మిక్సర్ ఇంకా బాగుంటుంది. అక్కడ పసుపు చుక్క ఎంచుకుని `Hue`ను ఎడమకు, నారింజ వైపు, 10 దాకా జరిపి, `Saturation` మరో 10 తగ్గిస్తే చాలాసార్లు సరిపోతుంది. `Luminance` మాత్రం ఇక్కడా ముట్టుకోకండి. ఇది ఫొటో మొత్తానికి పనిచేస్తుంది కాబట్టి పక్కన బంతిపూలో, పసుపు జుబ్బానో ఉంటే వాటి రంగు కూడా మారుతుంది. పసుపు వస్తువులను ఫ్రేములోంచి ముందే తప్పించడం తేలిక.

ఏ ఫొటో ఎవరికి

పని పూర్తయ్యాక రెండు ఫైళ్లు మిగలాలి. కెమెరాలోంచి వచ్చినది వచ్చినట్టుగా, తేదీతో సహా ఒకటి. సరిదిద్దినది వేరే పేరుతో ఇంకొకటి. కార్డుకూ, ఫ్రేముకూ, బంధువులకూ రెండోది వెళ్లవచ్చు. మొదటిదాన్ని చెరిపేయకండి. కాళ్ల మీద ఊడిన పొరా, ఎర్రటి మరకలూ కూడా ఆ వారంలో బిడ్డ ఎలా ఉందో చెప్పే ఆధారాలే, పెద్దయ్యాక అడిగే పిల్లలూ ఉంటారు.

ఇక డాక్టరు దగ్గరకు ఈ రెండిట్లో ఏదీ వెళ్లకూడదు. అక్కడికి వెళ్లాల్సింది బిడ్డే. పసుపు ఎంతుందో, పెరుగుతోందో తగ్గుతోందో పరీక్ష చెబుతుంది. ఆ మాట విన్నాకే ఫొటో పని మొదలుపెట్టండి.